ఒకే కవిత, రెండు అచ్చులు: యేట్స్ 1892లో రాసింది, 1925లో దిద్దింది. దిద్దుబాటు ఏం మార్చింది?

ఏర్పేడు_వాణి · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. శుక్రవారం నాకు సెమినార్ ఉంది, పది నిమిషాలు మాట్లాడాలి. ఐరిష్ కవి యేట్స్ రాసిన ‘ద సారో ఆఫ్ లవ్’ తీసుకున్నాను. పన్నెండు పాదాల చిన్న కవిత, తొందరగా అయిపోతుందనుకున్నాను.

నా దగ్గర సీనియర్ ఇచ్చిన జిరాక్స్ ఉంది. నా రూమ్మేట్ లైబ్రరీ నుంచి ఒక పాత సంకలనం తెచ్చింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదువుతుంటే పేరు ఒకటే, కవి ఒకడే, లోపల పాదాలు మాత్రం వేరు. మొదట జిరాక్స్‌లో తప్పులు పడ్డాయనుకున్నాను. తర్వాత తెలిసింది, రెండూ ఆయనే అచ్చు వేయించాడట. ఒకటి 1892 నాటిది, ఇంకొకటి 1925 నాటిది.

నాకు అర్థమైనంతవరకు రెండింటినీ తెలుగులో పెడుతున్నాను. అందం కోసం కాదు, తేడా కనిపించడం కోసం.

1892:

చూరులో పిచ్చుకల కీచులాట,
నిండు గుండ్రని చందమామ, చుక్కలు నిండిన ఆకాశం,
ఎప్పుడూ పాడే ఆకుల బిగ్గరి పాట
భూమి పాత, అలసిన ఏడుపును దాచేశాయి.

అప్పుడు నువ్వు వచ్చావు, ఆ ఎర్రని విషాదపు పెదవులతో,
నీతోపాటే లోకం కన్నీళ్ళన్నీ వచ్చాయి,
కష్టపడి సాగే దాని ఓడల దుఃఖాలన్నీ,
దాని లెక్కలేని ఏళ్ళ బరువంతా.

ఇప్పుడు చూరులో కొట్లాడే పిచ్చుకలు,
విరిగి రాలుతున్న చందమామ, ఆకాశంలో తెల్లని చుక్కలు,
కుదురులేని ఆకుల బిగ్గరి జపం
భూమి పాత, అలసిన ఏడుపుతో వణుకుతున్నాయి.

1925:

చూరులో ఒక పిచ్చుక రభస,
వెలిగిపోయే చందమామ, పాలలాంటి ఆకాశమంతా,
పేరుమోసిన ఆ ఆకుల శ్రుతి అంతా
మనిషి రూపాన్ని, అతని ఏడుపును చెరిపేశాయి.

ఒక అమ్మాయి లేచింది, ఎర్రని విషాదపు పెదవులది,
కన్నీళ్ళలో ఉన్న లోకపు గొప్పతనంలా కనిపించింది,
ఒడిస్సియస్‌లా, కష్టపడి సాగే ఓడల్లా, రాత రాసిపెట్టినది,
సాటివాళ్ళతో పాటు హతుడైన ప్రియాంలా గర్వం గలది;

లేచింది, ఆ క్షణమే గోలపెట్టే చూరు,
ఖాళీ ఆకాశం మీద ఎక్కుతున్న చందమామ,
ఆకుల ఆ శోకమంతా
మనిషి రూపాన్ని, అతని ఏడుపునే కూర్చగలిగాయి.

నేను చెప్పాలనుకున్నది ఇది: వయసు పెరిగాక కవి అలంకారాలు తీసేసి సింపుల్‌గా రాశాడు. ఇది సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

---

మదనపల్లె_టమాటా · సోమవారం, రాత్రి 10:15

వాణి గారూ, దీనికి అంత ఆలోచన ఎందుకండీ. యేట్స్ 1889లో మాడ్ గాన్‌ను కలిశాడు. ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదు. 1903లో ఆమె వేరే ఆయనను పెళ్ళి చేసుకుంది, 1917లో ఈయన వేరే అమ్మాయిని చేసుకున్నాడు. 1892 కవితలో ‘నువ్వు’ అంటే ఆమే. 1925 నాటికి ఈయన పెళ్ళైనవాడు, పిల్లలున్నవాడు. ఇంకా ‘నువ్వు’ అని ఎలా రాస్తాడు? అందుకే ‘ఒక అమ్మాయి’ అని మార్చేశాడు. మీ సెమినార్‌కు ఈ ఒక్క పాయింట్ చాలు.

ఇంకో మాట, మా ఊరికీ ఆ డబ్లిన్ కవులకూ సంబంధం ఉంది. ఆ గుంపులోంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ మా మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. 1919లో టాగూర్ ఇక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేసింది ఆయన ఉన్నప్పుడే.

---

కపిలతీర్థం_రోడ్డు · మంగళవారం, ఉదయం 6:20

వాణీ, ముందు నీ రూమ్మేట్‌కు థాంక్స్ చెప్పమ్మా. రెండు పాఠాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఈ కవితను మొదటి పదేళ్ళూ తప్పుగా చెప్పాను. ఎలాగో చెబుతాను, నీకు పనికొస్తుంది.

యేట్స్ సమగ్ర కవితల పుస్తకంలో ఈ కవిత ‘ద రోజ్’ అనే భాగంలో ఉంటుంది. ఆ శీర్షిక పక్కన 1893 అని సంవత్సరం కూడా ఉంటుంది. కానీ దాని కింద అచ్చైన పాఠం 1925 నాటిది. నేను ఆ పేజీ చూపించి ‘ఇరవై ఏడేళ్ళ కుర్రాడు ఎంత బిగువుగా రాశాడో చూడండి’ అని క్లాసులో చెప్పేవాణ్ణి. ఆ బిగువు అరవై ఏళ్ళ మనిషిది. పేజీ మీదున్న సంవత్సరం పుస్తకంలోని భాగానికి సంబంధించింది, ఆ పాదాలకు కాదు. కాబట్టి సెమినార్‌లో మొదటి వాక్యంలోనే ఏ పాఠం ఏ పుస్తకంలోనిదో చెప్పు. 1892ది ‘కౌంటెస్ కాథ్లీన్’ నాటకంతో కలిపి వేసిన సంపుటిలోది, 1925ది ‘ఎర్లీ పోయమ్స్ అండ్ స్టోరీస్’లోది.

రూమ్మేట్ తెచ్చిన పుస్తకం ఇంకోసారి చూడు. మూడో చరణంలో చంద్రుడికి ఏ విశేషణం ఉంది? ‘క్రంబ్లింగ్’ అని ఉంటే 1892. ‘కర్డ్-పేల్’ అని ఉంటే అది 1895 సంపుటిలో ఆయన చేసిన మధ్య దిద్దుబాటు. చాలామంది 1895 పాఠాన్ని పట్టుకుని 1892 అని రాసేస్తారు.

ఇక నీ వాదన. ‘అలంకారాలు తీసేశాడు’ అన్నావు. 1892 పాఠంలో పురాణ పురుషులు ఎవరైనా ఉన్నారా? లేరు. 1925లో ఒడిస్సియస్, ప్రియాం ఇద్దరూ వచ్చారు. తీసేయడం ఒక్కటే కాదు, చేర్చడం కూడా జరిగింది. ఆ మాట నిలబడదు.

ఒక పని చెయ్యి. మారినవాటిని కాదు, మారనివాటిని ముందు గుర్తుపెట్టు. పాదాల చివరి మాటలు ఇంగ్లీషులో వరుసగా రాసుకుని చూడు. ఏం కనిపించిందో ఇక్కడ చెప్పు.

---

శ్రీకాళహస్తి_బాబు · మంగళవారం, ఉదయం 8:05

పాఠభేదాల గురించేనా? ఇది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న విషయం. వేమన పద్యాలు తీసుకోండి. బ్రౌన్ దొర ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి చూసి 1829లో అచ్చు వేయించాడు. ఒక్కో ప్రతిలో ఒక్కో మాట. మా తాత చెప్పే పద్యంలో మూడో పాదం ఒకలా ఉంటుంది, స్కూల్ పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. వీటిలో అసలుది ఏదో తేల్చాలి కదా. ఈ యేట్స్ కవితలో అసలుది ఏది?

---

కపిలతీర్థం_రోడ్డు · మంగళవారం, ఉదయం 8:40

బాబూ, నువ్వు చెప్పింది మంచి విషయమే, కానీ ఇది అది కాదు. వేమన విషయంలో రాసుకున్నవాళ్ళు, పాడినవాళ్ళు మాట మార్చారు. కవి అన్న మాట ఒకటి ఉండి ఉంటుంది, అది చేతులు మారి పోయింది. దాని దగ్గరికి వెళ్ళాలని బ్రౌన్ ప్రయత్నం. ఇక్కడ మార్చింది కవే. రెండూ తన పేరుతో, తన ఇష్టంతో అచ్చు వేయించాడు. ‘అసలుది’ అనే ప్రశ్నకు ఇక్కడ పట్టు దొరకదు. ‘మొదటిది ఏం చేస్తోంది, రెండోది ఏం చేస్తోంది’ అని అడగొచ్చు.

మదనపల్లె మిత్రమా, నీ తేదీలన్నీ సరైనవే. కానీ ఆ కారణం ఈ కవితకు సగమే అతుకుతుంది. అదే 1892 పుస్తకంలో ‘నువ్వు ముసలిదానివైనప్పుడు’ అనే కవిత కూడా ఉంది. అదీ ఆమె కోసమేనని అందరూ అంటారు. దాంట్లో ‘నువ్వు’ను ఆయన చివరిదాకా ఉంచాడు, పెళ్ళైనా తీయలేదు. పెళ్ళే కారణమైతే అక్కడా తీయాలి కదా? పైగా పిచ్చుకలు ఒక్క పిచ్చుక ఎందుకయ్యాయో పెళ్ళి చెప్పలేదు.

---

ఏర్పేడు_వాణి · మంగళవారం, సాయంత్రం 5:30

సార్, మీరు చెప్పినట్టే రాసుకున్నాను. ఈవ్స్, స్కై, లీవ్స్, క్రై. లిప్స్, టియర్స్, షిప్స్, ఇయర్స్. మళ్ళీ ఈవ్స్, స్కై, లీవ్స్, క్రై. 1925లోనూ అవే! పన్నెండింటిలో పదకొండు మారలేదు. మారింది ఒక్కటే: ‘ఇయర్స్’ పోయి ‘పియర్స్’ వచ్చింది. చూడగానే ఒళ్ళు గగుర్పొడిచింది. అన్నీ మార్చాడనుకున్నాను. ప్రాసమాటలు అక్కడే ఉంచి, వాటి ముందున్నదంతా మార్చాడు.

రూమ్మేట్ పుస్తకంలో ‘కర్డ్-పేల్’ అనే ఉంది సార్. ‘క్రంబ్లింగ్’ ఉన్నది నా జిరాక్స్ వెనక పేజీలో. అంటే మా రూమ్‌లో ఉన్నవి రెండు కాదు, మూడు పాఠాలు.

---

పలమనేరు_అక్క · మంగళవారం, రాత్రి 8:10

చాలా మంచి చర్చ. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను, అప్పుడప్పుడు అనువాదాలు చేస్తాను. వాణీ, ‘కర్డ్-పేల్’ దగ్గర జాగ్రత్త. మనకు పెరుగు అంటే చల్లదనం, శుభం. ‘పెరుగులా తెల్లని చంద్రుడు’ అంటే మన పిల్లలకు హాయిగా అనిపిస్తుంది. ఆ చరణంలో ఉన్నది హాయి కాదు, నిండు చంద్రుడు చెడిపోవడం. విరిగిన పాల తెలుపు అనాలి. ‘విరిగిన పాల రంగు చంద్రుడు’ అంటే దగ్గరగా వస్తుంది.

ఇంకొకటి. నువ్వు తెలుగు చేసినప్పుడు ఒక పెద్ద తేడా మాయమైంది, అది నీ తప్పు కాదు. ఇంగ్లీషు పాదాలు ఎలా మొదలవుతున్నాయో లెక్కపెట్టు. 1892లో పన్నెండు పాదాల్లో ఏడు ‘అండ్’తో మొదలవుతాయి. రెండో చరణంలో నాలుగుకు నాలుగూ అంతే. 1925లో మొత్తం నాలుగే. తెలుగులో పాదం మొదట్లో ‘మరియు’ పెడితే ఆఫీసు కాగితంలా ఉంటుంది, అందుకే అనువాదంలో రాదు. కానీ ఇంగ్లీషు చెవికి ఆ ఏడు ‘అండ్’లు ఏం చేస్తాయి? కన్నీళ్ళు వచ్చాయి, ఓడలు వచ్చాయి, ఏళ్ళు వచ్చాయి అని ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతాయి. ఏది ముందు, ఏది దేనివల్ల అని ఉండదు. అన్నీ ఒకే బరువుతో వచ్చి పడతాయి. పెద్దావిడ చావింట్లో కూర్చుని గుర్తొచ్చినవన్నీ చెప్పుకుంటూ ఏడుస్తుంది చూడు, అలా. 1925 రెండో చరణంలో ‘లా’లు వచ్చాయి: ఒడిస్సియస్‌లా, ప్రియాంలా. పేర్చడం ఆగి పోల్చడం మొదలైంది.

---

చంద్రగిరి_కోట · మంగళవారం, రాత్రి 9:25

ఇది చదువుతుంటే నా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వాణి గారి ప్రశ్నకు ఇది జవాబు అవుతుందో లేదో తెలియదు. నేను కవితలు రాస్తాను. మా నాయన బోరు, బావి పనులు చేసేవాడు. 2011లో ఒక మాసపత్రికలో నా కవిత వచ్చింది. దాంట్లో ఈ పాదాలు:

నాయనా, నువ్వు దిగిన బావిలో
ఇంకా నీ కేకే వినిపిస్తోంది
మోటారు ఆగిపోయింది
మామిడిచెట్లు నీ కోసం చూస్తున్నాయి

2018లో పుస్తకం వేసినప్పుడు ఇలా దిద్దాను:

ఒక మనిషి బావిలోకి దిగాడు
మోటారు ఆగిపోయింది
మామిడిచెట్లు ఎండలో నిలబడ్డాయి

పుస్తకం చూసి కవి మిత్రులంతా రెండోది బాగుందన్నారు. మా అక్క మాత్రం చదివి పుస్తకం మూసేసి, ‘నాయన ఎక్కడికి పోయినాడు రా దీంట్లో?’ అనింది. ఏడేళ్ళుగా ఆ మాట నన్ను వదల్లేదు. నేను దిద్దింది కవితనా, మా నాయననా?

---

పలమనేరు_అక్క · మంగళవారం, రాత్రి 9:50

అన్నా, మీ అక్క మాట నిజం. మనకు ఇంకా పెద్ద చిక్కు ఉంది. ఇంగ్లీషులో ‘యూ కేమ్’ పోయి ‘ఎ గర్ల్ అరోజ్’ వస్తే పిలుపు పోతుంది. తెలుగులో క్రియే మారిపోతుంది. వచ్చావు, వచ్చారు, వచ్చింది, వచ్చాడు. ‘దిగావు’ అన్నప్పుడు ఎదురుగా ఉన్నాడు. ‘దిగాడు’ అనేసరికి దూరం జరిగాడు. ‘నాయనా’ అనే ఒక్క పిలుపు తీస్తే కింది పాదాల క్రియలన్నీ దాని వెంట పోతాయి. మనం దిద్దేటప్పుడు ‘నువ్వు’ను తీయడమంటే ఒక్క మాట తీయడం కాదు.

---

కపిలతీర్థం_రోడ్డు · బుధవారం, ఉదయం 6:05

చంద్రగిరి నాయనా, నీ కవిత రాత్రి చాలాసేపు చదివాను. ఒకటి అడగాలి. ‘మోటారు ఆగిపోయింది’ అనే పాదం రెండు పాఠాల్లోనూ అక్షరం మారలేదు. మారింది దాని ముందున్న పాదం. మొదటి పాఠంలో అది కేక తర్వాత వస్తుంది. ఆయన పోయాడు, దాంతో అన్నీ ఆగిపోయాయి అని చదువుకుంటాను. రెండో పాఠంలో ఆయన దిగీ దిగగానే మోటారు ఆగింది. ఆయన దిగడం వల్ల ఆగిందా అనిపిస్తుంది. నిజంగా ఏం జరిగింది? చెప్పడం కష్టమైతే వద్దు.

---

చంద్రగిరి_కోట · బుధవారం, మధ్యాహ్నం 1:15

చెప్తాను సార్. మోటారు ముందే ఆగింది. అది బాగుచేయడానికే నాయన దిగాడు. తాడు తెగింది.

మీరు అడిగేదాకా నేను గమనించలేదు. మొదటి పాఠంలో ఆ పాదం దుఃఖంగా ఉంది కాబట్టి ముందా వెనకా అనేది ఎవరూ అడగరు. రెండోదాంట్లో ‘నువ్వు’, ‘కేక’ తీసేసి జరిగినది జరిగినట్టు చెప్పాలనుకున్నాను. అలా చెప్పినప్పుడు వరుస తప్పితే అబద్ధం అవుతుంది. ఇప్పుడు ‘మోటారు ఆగిపోయింది / ఒక మనిషి బావిలోకి దిగాడు’ అని తిప్పి చూశాను. చెయ్యి వణికింది.

---

ఏర్పేడు_వాణి · బుధవారం, సాయంత్రం 6:40

అన్నా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ చేయలేకపోయాను. నాయన గారి సంగతి మాతో చెప్పినందుకు కృతజ్ఞతలు.

దాంతోనే నాకు యేట్స్ కవితలో ఒక విషయం తట్టింది. తప్పైతే చెప్పండి సార్. 1892లో కవి ‘దాచేశాయి’ అంటాడు. దాచిన వస్తువు ఎక్కడో ఉంటుంది. భూమి ఏడుపు ముందే ఉంది, పిచ్చుకలు, చంద్రుడు, ఆకులు దాన్ని కప్పాయి. నువ్వు వచ్చావు, కప్పు తొలగింది, అదే ఏడుపు అదే మాటలతో చివరి పాదంలో తిరిగొచ్చింది. 1925లో ‘చెరిపేశాయి’ అంటాడు. సిరా మరకలా తుడిచిపెట్టేశాయి. చెరిపేసింది తిరిగి రాదు, మళ్ళీ కూర్చాలి. అందుకే చివర్లో ‘కూర్చగలిగాయి’ అన్నాడేమో. మొదటి పాదాల్లో ఒక క్రియ మార్చినందుకు చివరి క్రియ మారక తప్పలేదు, మోటారు పాదం లాగా.

అలాగే 1892 మూడో చరణం ‘ఇప్పుడు’తో మొదలై ‘వణుకుతున్నాయి’ అని వర్తమానంలో ఆగుతుంది. కవి ఇంకా ఆ చూరు కిందే ఉన్నాడు. 1925లో ‘ఇప్పుడు’ లేదు, అంతా జరిగిపోయిన కాలంలోనే ఉంది.

---

కపిలతీర్థం_రోడ్డు · బుధవారం, రాత్రి 7:30

వాణీ, నీ సెమినార్ ఇదేనమ్మా. ఇంక వేరేది వెతకొద్దు. దీని మీద ఒక చిన్న పుస్తకమే ఉంది. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్, స్టీఫెన్ రూడీ కలిసి 1977లో తెచ్చారు. ఈ రెండు పాఠాలనే తీసుకుని నామవాచకాలు, క్రియలు, విశేషణాలు ఎలా మారాయో ఒక్కొక్కటే చూశారు. నువ్వు ‘దాచడం, చెరపడం’ దగ్గర పట్టుకున్న దారి అలాంటిదే.

ఆ ఒక్క ప్రాసమాట మార్పును మాత్రం వదలొద్దు. పదకొండు మాటలను కదిలించని మనిషి పన్నెండోదాన్ని ఎందుకు కదిలించాడు? ‘లెక్కలేని ఏళ్ళు’ అన్నప్పుడు దుఃఖం కాలానిది, ఎవరిదీ కాదు. ‘సాటివాళ్ళు’ అన్నప్పుడు చచ్చిపోయిన మనుషులు వచ్చారు, ప్రియాం రాజుతో పాటు ట్రాయ్‌లో చంపబడినవాళ్ళు. మొదటి చరణంలో ‘భూమి ఏడుపు’ పోయి ‘మనిషి ఏడుపు’ వచ్చింది చూశావు కదా. ఆ మార్పే ఇక్కడ ప్రాసదాకా వచ్చి దాన్ని కూడా మార్పించింది. ఒడిస్సియస్ గ్రీకువాడు, ప్రియాం ట్రాయ్ రాజు. గెలిచిన పక్షం, ఓడిన పక్షం, రెండు పక్షాల కష్టమూ రెండు పాదాల్లో ఉంది. ఎవరి కోసం ఆ ట్రాయ్ యుద్ధం జరిగిందో ఆ హెలెన్ పేరు మాత్రం ఎక్కడా లేదు. ‘ఒక అమ్మాయి’ అన్నాడు, అంతే.

ఓడలు చూడు, ఇంకా తెలుస్తుంది. ‘కష్టపడి సాగే ఓడలు’ రెండు పాఠాల్లోనూ అదే పాదం చివర అవే మాటలతో ఉన్నాయి. 1892లో అవి ఏ ఓడలైనా కావచ్చు. 1925లో పక్కన ఒడిస్సియస్ వచ్చి నిలబడగానే అవి ట్రాయ్ ఓడలైపోయాయి. ఓడల మీద ఆయన చెయ్యి వేయలేదు.

---

మదనపల్లె_టమాటా · బుధవారం, రాత్రి 8:15

సార్, ‘నువ్వు ముసలిదానివైనప్పుడు’ సంగతి నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఆమెను పూర్తిగా పక్కన పెట్టగలమా? 1910 పుస్తకంలోని ‘నో సెకండ్ ట్రాయ్’లో ఆమెను హెలెన్‌తో పోల్చింది ఈయనే కదా. అంటే 1892కూ 1925కూ మధ్యలో ఆయన దృష్టిలో ఆమె హెలెన్ అయింది. దిద్దేటప్పుడు ఆ హెలెన్‌ను వెనక్కి తెచ్చి పాత కవితలో పెట్టాడు. పెళ్ళి వల్ల కాకపోయినా ఆమె వల్లే మారిందని నా నమ్మకం.

---

కపిలతీర్థం_రోడ్డు · బుధవారం, రాత్రి 8:50

ఇది మొదటి మాట కంటే చాలా గట్టిగా ఉంది. దీన్ని కాదనలేను. పాత కవితను దిద్దినప్పుడు కవి మధ్యలో రాసిన కవితలు కూడా దాంట్లోకి వస్తాయన్నది నిజం. ఆయనే 1908లో తన సంపుటాల్లో నాలుగు పాదాలు పెట్టాడు. పాటను మళ్ళీ మలిచినప్పుడల్లా తప్పు చేస్తున్నానని అనుకునే మిత్రులు తెలుసుకోవాలి, నేను మళ్ళీ మలుచుకుంటున్నది నన్నే అని వాటి భావం. అయితే వాణీ, ఈ నాలుగు పాదాలను సెమినార్‌లో రుజువుగా వాడకు. కవి తన ఉద్దేశం చెప్పాడు. ఆ ఉద్దేశం ఈ పన్నెండు పాదాల్లో ఎక్కడ కనిపిస్తోందో నువ్వే చూపించాలి.

---

శ్రీకాళహస్తి_బాబు · బుధవారం, రాత్రి 9:30

ఇప్పుడు అర్థమైంది సార్. నాకు హెలెన్ కథ అంతగా తెలియదు. ద్రౌపది పేరెత్తకుండా తొడ విరిగిన దుర్యోధనుణ్ణీ, నిద్రలో చంపబడిన ఉపపాండవులనూ చెప్పినట్టా?

---

పలమనేరు_అక్క · బుధవారం, రాత్రి 9:55

దగ్గరగా ఉంది బాబూ. పేరు చెప్పకుండా రెండు పక్షాల నష్టంతో మనిషిని గుర్తుచేయడం వరకు సరిపోతుంది. కానీ ద్రౌపది అన్యాయం జరిగిన మనిషి, ప్రశ్న అడిగిన మనిషి. హెలెన్ మీద కథంతా నింద పడుతుంది. ఆ తేడా వదిలేస్తే ‘గర్వం’ అనే మాటకు తప్పు అర్థం వస్తుంది.

నేను ఇంకోటి ఒప్పుకోవాలి. ఇంత విన్నాక కూడా నాకు 1892 పాఠమే ఇష్టం. 1925లో పనితనం కనిపిస్తుంది, చదివి తల వంచుతాను. కానీ ‘అప్పుడు నువ్వు వచ్చావు’ దగ్గర నా గొంతు పట్టుకున్నట్టు ‘ఒక అమ్మాయి లేచింది’ దగ్గర పట్టుకోదు. సార్ దీనికి ఏమంటారు?

---

కపిలతీర్థం_రోడ్డు · గురువారం, ఉదయం 6:10

ఏమీ అనను తల్లీ. నాది 1925. ‘లేచింది’ అనే క్రియ రెండో చరణం మొదట్లో వచ్చి, మళ్ళీ మూడో చరణం మొదటి మాటగా వస్తుంది. 1892లో చరణానికీ చరణానికీ మధ్య ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అని రెండు మేకులు కొట్టాడు. 1925లో ఆ అమ్మాయి లేవడమే చరణం దాటిపోతుంది. నాకు ఒళ్ళు జలదరించేది అక్కడ. నీకు పిలుపు దగ్గర, నాకు ఆ క్రియ దగ్గర. దీన్ని తేల్చే ఆధారం ఆ పాదాల్లో లేదు.

---

ఏర్పేడు_వాణి · గురువారం, సాయంత్రం 7:00

రేపే సెమినార్. పాత వాదన కొట్టేశాను. మూడు విషయాలే చెబుతాను: కదలని పదకొండు ప్రాసమాటలు, కదిలిన పన్నెండోది, ‘దాచడం’ ‘చెరపడం’ అయ్యాక చివరి పాదం ఎలా మారక తప్పలేదో. సంవత్సరాల సంగతి మొదట్లోనే చెబుతాను సార్.

ఒక్కటే మిగిలింది. చివరి పాదంలోని ‘కంపోజ్’ను ‘కూర్చగలిగాయి’ అన్నాను. దాని ముందు ‘కుడ్ బట్’ ఉంది. ‘అంతకంటే ఇంకేం చేయలేకపోయాయి’ అనే అర్థం కూడా ఉందా? రాసేటప్పుడు ఆ బలవంతం నాకు దొరకలేదు.

---

పలమనేరు_అక్క · గురువారం, రాత్రి 8:20

ఉంది వాణీ. రెండు రకాలుగా చేసి చూశాను.

మనిషి రూపాన్నీ అతని ఏడుపునూ కూర్చడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాయి.

మనిషి రూపమై, అతని ఏడుపై కుదురుకోక తప్పలేదు.

మొదటిదాంట్లో కవిత కట్టడం ఉంది, బలవంతం ఉంది. కానీ ‘కంపోజ్’లో కుదుటపడడం అనే ఛాయ కూడా ఉంది, ఏడ్చి ఏడ్చి మనిషి తేరుకోవడం లాంటిది. అది రెండోదాంట్లోనే వస్తుంది. రెండూ ఒకే మాటలో పట్టే తెలుగు క్రియ కోసం నిన్నటి నుంచి వెతుకుతున్నాను. ‘కూర్చు’, ‘కుదుర్చు’, ‘అమర్చు’ అన్నీ చూశాను.

---

చంద్రగిరి_కోట · గురువారం, రాత్రి 10:40

అక్కా, ‘కుదుర్చు’ దగ్గరే ఇంకొంచెం ఆగండి. మా నాయన మోటారు బిగించేటప్పుడు ‘కుదురు’ అనే మాటే వాడేవాడు. కింద దిమ్మె సరిగ్గా పడితే ‘కుదిరింది’ అనేవాడు. బాగా ఏడ్చిన పిల్లోడు ఊరుకున్నా ‘కుదురుకున్నాడు’ అనే అంటాం.

నా కవిత ఈ రాత్రి మా అక్కకు చదివి వినిపించాను. మోటారు ముందు, దిగడం తర్వాత. ‘నాయనా’ను తిరిగి పెట్టాను, ‘ఒక మనిషి’ని తీసేశాను. ఆమె ఏమీ అనలేదు. ఇంకోసారి చదవమంది.